ముప్పయ్యా, అరవయ్యా... మధ్యలో నలభై!

'మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్: మైల్స్ మొరాలెస్' ఆట 2020 నవంబరులో ప్లేస్టేషన్ 5తో పాటే బయటికొచ్చింది. మన దేశంలో ఆ కన్సోల్ అమ్మకాలు 2021 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ఆట సెట్టింగుల్లో రెండు మోడ్‌లు ఉండేవి. Fidelity ఎంచుకుంటే 4కె రిజల్యూషన్‌కు పనిచేస్తూ, గాజు అద్దాల్లో నిజమైన ప్రతిబింబాలు చూపిస్తూ సెకనుకు 30 బొమ్మలు గీస్తుంది. Performance ఎంచుకుంటే సెకనుకు 60 బొమ్మలు వస్తాయి, ఆ ప్రతిబింబాలు పోతాయి. నెల తిరిగేసరికి ఆట తయారుచేసిన ఇన్సామ్నియాక్ సంస్థ ఒక అప్‌డేట్ ఇచ్చి, Performance RT అని మూడో మోడ్ చేర్చింది. ఇందులో 60 బొమ్మలూ ఉంటాయి, ప్రతిబింబాలూ ఉంటాయి. బదులుగా రిజల్యూషన్ తగ్గుతుంది, ప్రతిబింబాల నాణ్యత తగ్గుతుంది, వీధుల్లో నడిచే జనం కూడా పలచబడతారు.

కన్సోల్ అదే, ఆట అదే. జనాన్ని ఎందుకు తగ్గించాల్సి వచ్చిందో అర్థమైతే ఈ మోడ్‌ల సంగతి చాలావరకు అర్థమైనట్టే.

సెకనుకు 30 బొమ్మలంటే ఒక్కో బొమ్మకు 33.3 మిల్లీసెకన్ల గడువు. 60 అయితే 16.7 మిల్లీసెకన్లు. ఆ గడువులోపు కన్సోల్ మీ బటన్ నొక్కుడు చదవాలి, స్పైడర్‌మ్యాన్ ఎక్కడున్నాడో లెక్కగట్టాలి, కార్లనూ మనుషులనూ కదపాలి, చివరికి తెర మీది ప్రతి చుక్కకూ రంగు వేయాలి. 4కె తెరలో అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం సుమారు 83 లక్షల చుక్కలుంటాయి. 1440పి అనే రిజల్యూషన్‌లో 37 లక్షలకు కొంచెం తక్కువ. ఇప్పుడు సెకనుకు లెక్క వేద్దాం. 4కెలో 30 బొమ్మలంటే దాదాపు 25 కోట్ల చుక్కలు. 1440పిలో 60 బొమ్మలంటే 22 కోట్ల పైచిలుకు. రెండూ ఇంచుమించు ఒక్కటే. Fidelityలో కన్సోల్ ఎక్కువ కష్టపడుతుందని, Performanceలో తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటుందని చాలామంది అనుకుంటారు కానీ, రెండింటిలోనూ దానికి దాదాపు అదే చాకిరీ. పంపకం మాత్రమే వేరు.

అయితే పనంతా చుక్కలకు రంగులేయడమే కాదు. మనుషుల కదలిక, ట్రాఫిక్, ఎవరు దేన్ని గుద్దుకున్నారన్న లెక్క ప్రాసెసర్ చూసుకుంటుంది. రిజల్యూషన్ ఎంత తగ్గించినా ఈ భాగం తగ్గదు. బొమ్మల సంఖ్య రెట్టింపైతే ఆ లెక్కలన్నీ సగం గడువులో పూర్తి కావాలి. దానికి తోడు రే ట్రేసింగ్‌కు ఇంకో అవసరం ఉంది. కిరణం దేన్ని తాకుతుందో త్వరగా వెతకడానికి దృశ్యంలోని వస్తువులన్నిటినీ ఒక క్రమంలో పేర్చిన పట్టిక లాంటిది కావాలి. కదిలే వస్తువు ప్రతిదాని స్థానాన్నీ ఆ పట్టికలో బొమ్మబొమ్మకూ సరిచేస్తూ ఉండాలి. వీధిలో మనిషి తగ్గితే ఇటు కదలిక లెక్కా తగ్గుతుంది, అటు పట్టిక పనీ తగ్గుతుంది. మూడో మోడ్‌లో జనం పలచబడింది అందుకే.

ఇంతకీ ఆ కిరణాలు ఏం చేసిపెడతాయి? మాన్‌హట్టన్ అంటే నిలువెల్లా గాజు. రే ట్రేసింగ్ లేనప్పుడు ఆ గాజు మీద కనిపించేది ముందే తీసి పెట్టుకున్న, ఆ ప్రాంతాన్ని ఉజ్జాయింపుగా చూపే మసక బొమ్మ. మరికొన్ని చోట్ల, అప్పటికే తెర మీద ఉన్నదాన్నే తిప్పి అతికించే ఉపాయం వాడతారు. నేల మీది నీళ్లలో ఎదుటి భవనం నీడ కనిపిస్తూ ఉంటుంది, మీరు కెమెరా కిందికి వంచగానే ఆ భవనం తెర దాటిపోతుంది, దాంతో నీళ్లలోని నీడ కూడా చెరిపేసినట్టు మాయమవుతుంది. ఈ లోపం ఒకసారి కంటపడితే ఇక వద్దన్నా ప్రతి ఆటలో కనపడుతూనే ఉంటుంది. రే ట్రేసింగ్‌లో గాజు మీది చుక్క నుంచి ఒక కిరణాన్ని నిజంగానే దృశ్యంలోకి పంపి, అది దేన్ని తాకిందో చూసి రంగు నిర్ణయిస్తారు. అందుకే తెర బయట ఉన్న ఎదుటి వీధి కూడా గాజులో కనిపిస్తుంది.

తేడా మీరే చూడాలంటే ఆటలో ఏదైనా గాజు భవనానికి అతుక్కుని ఆగండి. కెమెరాను గాజు వైపు తిప్పండి. మీ మైల్స్ అందులో కనిపిస్తున్నాడా? వెనక భవనం కిటికీల వరుస సరిగ్గా దాని స్థానంలోనే ఉందా? ఉంటే కిరణాలు పనిచేస్తున్నట్టు. ఇప్పుడు గాల్లోకి ఎగిరి సాలెదారం పట్టుకుని ఊగుతూ చూడండి. పోరాటంలో చూడండి. అక్కడ ఎంతవరకు గమనించగలిగారో అదే మీకు రే ట్రేసింగ్ అసలు విలువ. ఈ ఆటలో గాజు ఎక్కువ కాబట్టి నాకు ఆ విలువ కనిపించింది. అడవుల్లో, కొండల మీద నడిచే ఆటల్లో ప్రతిబింబాల కోసం 30కి దిగడం దండగ అనే నా అభిప్రాయం. ఆటంతా కిరణాలతోనే వెలుతురు లెక్కగట్టేలా తయారుచేస్తే అది వేరే సంగతి.

ఇక రిజల్యూషన్. దీని విలువ తేల్చేది కన్సోల్ కాదు, మీ సోఫా. 55 అంగుళాల టీవీ వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. దాన్ని 3840తో భాగిస్తే ఒక్కో చుక్క 0.32 మిల్లీమీటర్లు. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు రెండు చుక్కల్ని విడివిడిగా పోల్చుకోగలదని కంటి వైద్యులు పెట్టుకున్న కొలత. ఆ లెక్కన ఈ టీవీలో 4కె చుక్కలు విడిగా తెలియాలంటే మూడున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. 1440పి చుక్కలైతే ఐదున్నర అడుగుల వరకు తెలుస్తాయి. మన హాళ్లలో టీవీ ఒక గోడకు, సోఫా ఎదుటి గోడకు ఉంటాయి. మధ్య దూరం ఎనిమిది అడుగులకు తగ్గడం అరుదు. అంటే 55 అంగుళాల టీవీ ముందు అంత దూరంలో కూర్చున్నవారికి 4కెకూ 1440పికీ తేడా కంటికి ఆనడం కష్టం. 65 అంగుళాల టీవీని ఆరడుగుల నుంచి చూసేవారికైతే ఆ తేడా అంచు మీద ఉంటుంది. చూపు బాగా చురుగ్గా ఉన్నవారు పట్టేస్తారు.

ఈ లెక్కకు ఒక మినహాయింపు ఉంది. కరెంటు తీగలు, జాలీలు, ఆకులు, వెంట్రుకల్లాంటి సన్నటివాటిని తక్కువ రిజల్యూషన్‌లో గీస్తే అవి కదిలేటప్పుడు మిణుకుమిణుకుమంటాయి. చుక్క కనపడనంత దూరం నుంచి కూడా ఆ మిణుకు కనపడుతుంది. కాబట్టి రెండు మోడ్‌లను పోల్చేటప్పుడు భవనాల మీది అక్షరాలు కాదు, తీగలనూ ఆకులనూ చూడాలి. ఇంకోమాట, Fidelityలో కూడా ప్రతి క్షణం పూర్తి 4కె గీస్తున్నారనుకోవద్దు. పని పెరిగినప్పుడు రిజల్యూషన్‌ను తగ్గించి, తర్వాత పెంచుకోవడం, వెనకటి బొమ్మల్లోని సమాచారంతో ఇప్పటి బొమ్మను నింపుకోవడం ఈ తరం ఆటల్లో మామూలే.

పైన చెప్పిందంతా నిశ్చలంగా ఉన్న బొమ్మ గురించి. ఆటలో బొమ్మ ఎక్కడ ఆగుతుంది? కెమెరా తిప్పినప్పుడు ఒక భవనం తెర ఈ చివర నుంచి ఆ చివరకు రెండు సెకన్లలో జరిగిందనుకుందాం. అదేమంత వేగం కాదు. అంటే సెకనుకు 1920 చుక్కల ప్రయాణం. 30 బొమ్మల్లో చూస్తే ఆ భవనం ఒక్కో బొమ్మకు 64 చుక్కల దూరం గెంతుతుంది. 60లో 32 చుక్కలు. కన్ను ఆ భవనం వెంట నున్నగా కదులుతూ ఉంటుంది, తెర మీది బొమ్మ మాత్రం తన వంతు సమయమంతా ఒకేచోట నిలబడి ఉంటుంది. ఆ తేడా కంటిలో మసకగా పడుతుంది. చుక్కంత సన్నటి వివరం కోసం 4కె తీసుకుని, కెమెరా కదపగానే దాన్ని 64 చుక్కల మసకలో కలిపేసుకుంటున్నామన్నమాట. 60లో ఆ మసక సగమవుతుంది. కదిలే ఆటలో తక్కువ రిజల్యూషన్ 60 బొమ్మలే ఎక్కువ స్పష్టంగా అనిపించడానికి కారణం ఇదే. స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి పోల్చే వీడియోల్లో ఇది తెలియదు. వాటిలో ఎప్పుడూ Fidelityయే గెలుస్తుంది.

చేతికి తెలిసే తేడా మరొకటి. బటన్ నొక్కడం, లెక్కగట్టడం, గీయడం, తెరకు పంపడం... ఇదంతా కలిపి మూడు బొమ్మల కాలం పట్టిందనుకుంటే 30లో అది 100 మిల్లీసెకన్లు, 60లో 50. ఎదుటివాడు దెబ్బ వేయబోయేముందు తప్పుకోవాల్సిన ఆటలో ఈ తేడా గెలుపోటముల దాకా వెళ్తుంది.

కానీ ఆ 50 మిల్లీసెకన్లు మిగుల్చుకుని, టీవీలో అంతకు రెట్టింపు పారబోసుకునేవాళ్లు చాలామంది. టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దడానికి సమయం తీసుకుంటాయి. సినిమాకు అది ఇబ్బంది కాదు, శబ్దాన్ని కూడా అంతే ఆలస్యంగా వదులుతాయి. ఆటకు మాత్రం అదంతా నష్టమే. అందుకే టీవీలో గేమ్ మోడ్ పెట్టడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. మన మార్కెట్లో టీవీ పెట్టెల మీద గొప్పగా రాసే ఎంఈఎంసీ అన్నది రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను ఊహించి దూర్చే పద్ధతి. తర్వాతి బొమ్మ చేతికొచ్చేదాకా ఆగితేగానీ మధ్యది ఊహించలేదు, కాబట్టి ఆలస్యం తప్పదు. పైగా వేగంగా కదిలే మనిషి అంచుల చుట్టూ బొమ్మ నీళ్లలో చూసినట్టు కరుగుతుంది. 30 బొమ్మల ఆటను దీంతో 60 చేసుకుందామనుకోవడం లాభసాటి బేరం కాదు. ఓఎల్ఈడీ టీవీ ఉన్నవారికి ఇంకో చిక్కు. అందులో చుక్కలు రంగు మార్చడానికి దాదాపు సమయమే పట్టదు. మామూలు ఎల్‌సీడీలో ఆ మార్పు కొంచెం నెమ్మదిగా జరగడం వల్ల 30 బొమ్మల గెంతులు కాస్త మెత్తబడతాయి. ఓఎల్ఈడీలో గెంతు గెంతుగానే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఖరీదైన తెర మీద 30 ఇంకా అధ్వానంగా అనిపించిందని ఎవరైనా అంటే అది భ్రమ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2021లో 'ర్యాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్' విడుదలైన కొద్ది రోజులకే ఇన్సామ్నియాక్ వాళ్లు Fidelity మోడ్‌ను సెకనుకు 40 బొమ్మలతో నడిపే సౌకర్యం ఇచ్చారు. 30 ఎక్కడ, 40 ఎక్కడ, పది పెరిగితే ఏమొస్తుంది అనిపిస్తుంది. గడువుల్లో చూస్తే తెలుస్తుంది. 30కి 33.3 మిల్లీసెకన్లు, 60కి 16.7, 40కి 25. అంటే 40 సరిగ్గా ఆ రెండింటి నడిమధ్యన ఉంది. 30 నుంచి 60కి వెళ్తే ఎంత సమయం కలిసొస్తుందో అందులో సగం 40కే వచ్చేస్తుంది. అందుకు కన్సోల్ చేయాల్సిన పని మాత్రం మూడో వంతే పెరుగుతుంది. రే ట్రేసింగ్ వదులుకోనక్కర్లేదు, రిజల్యూషన్ కొంచెం తగ్గించుకుంటే చాలు.

దీనికి 120 హెర్ట్జ్ టీవీ కావాలి. 60 హెర్ట్జ్ టీవీ ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి తెరను తాజా చేస్తుంది. 25 మిల్లీసెకన్లంటే అందులో ఒకటిన్నర వంతు. సగం వంతు అనేది ఉండదు కాబట్టి ఒక బొమ్మ రెండు వంతులు నిలబడాలి, తర్వాతిది ఒక్క వంతే నిలబడాలి. కుంటి నడకలా తయారవుతుంది. 120 హెర్ట్జ్ టీవీలో వంతు 8.3 మిల్లీసెకన్లు. ప్రతి బొమ్మా సరిగ్గా మూడు వంతులు నిలబడుతుంది. నడక సాఫీగా ఉంటుంది. 2023లో వచ్చిన 'స్పైడర్‌మ్యాన్ 2'లోనూ ఈ సౌకర్యం ఉంది. అందులో అయితే రే ట్రేసింగ్ లేని మోడే లేదు. కథ నింపాదిగా ఆడేవారికి, 120 హెర్ట్జ్ టీవీ ఉంటే, నా సలహా ఈ 40కే. టీవీ 60 హెర్ట్జ్‌దైతే Performance RT లాంటిది ఉన్నచోట అది, లేనిచోట Performance.

అయితే 120 హెర్ట్జ్ టీవీ కొన్నవారిలో కొందరికి 120 అందనే అందదు. తప్పు సాధారణంగా మూడు చోట్ల ఉంటుంది. మొదటిది పెట్టె మీది రాత. తెర నిజంగా 60 హెర్ట్జ్‌ది అయి ఉండి, ఎంఈఎంసీ కలిపి పెద్ద అంకె వేసే టీవీలున్నాయి. రెండోది రంధ్రం. వెనక నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే 4కె 120ని మోసేవి చాలా టీవీల్లో ఒకటో రెండో మాత్రమే. పోర్టు పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మూడోది టీవీలోని సెట్టింగు. సామ్‌సంగ్‌లో Input Signal Plus, ఎల్‌జీలో HDMI Deep Colour, సోనీలో HDMI signal format అనే పేర్లతో ఉండే దాన్ని ఆ పోర్టుకు ఆన్ చేయాలి. కేబుల్ మటుకు కన్సోల్ పెట్టెలో వచ్చినదే వాడండి, అది సరిపోతుంది. పాత సెట్‌టాప్ బాక్స్ తీగ పెడితే ఒక్కోసారి తెర నల్లబడి మళ్లీ వస్తూ ఉంటుంది.

ప్లేస్టేషన్‌లో Settings తెరిచి Screen and Video, అందులో Video Output కిందికి వెళ్తే Video Output Information అని ఉంటుంది. మీ టీవీ ఏయే రిజల్యూషన్‌లో ఏ హెర్ట్జ్ వరకు తీసుకుంటుందో అక్కడ కన్సోలే చూపిస్తుంది. దుకాణదారుడి మాట కన్నా ఆ తెర మాట నమ్మండి. 120 కనిపిస్తే Enable 120 Hz Output అన్నదాన్ని Automaticలో ఉంచి, ఆ తర్వాత ఆటలోని మెనూలో కూడా 120 హెర్ట్జ్ మోడ్ ఆన్ చేయాలి. ఆటలోది మరిచిపోయి, కన్సోల్‌లో పెట్టాం కదా అని కూర్చుంటే 30లోనే ఉంటారు. ప్రతి కొత్త ఆటా మీకు నచ్చిన మోడ్‌లోనే మొదలవ్వాలంటే Saved Data and Game/App Settings లోపల Game Presets ఉంది. అక్కడ Performance Mode అనో Resolution Mode అనో ఒక్కసారి చెప్పిపెట్టవచ్చు. అన్ని ఆటలూ ఆ మాట వినవు.

Performance ఎప్పుడూ గెలుస్తుందా అంటే, కాదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్' మంచి ఉదాహరణ. దాని Performance మోడ్‌లో బొమ్మ మరీ మసకబారిందని ఆడినవాళ్లు గోల పెట్టారు. ఆట పచ్చిక బయళ్లలో సాగుతుంది, అంతా గడ్డీ ఆకులే. తక్కువ రిజల్యూషన్ సన్నటివాటి దగ్గరే దొరికిపోతుందని పైన అనుకున్నాం కదా, ఇక్కడ అది తెర నిండా జరిగింది. స్క్వేర్ ఎనిక్స్ తర్వాత అప్‌డేట్ ఇచ్చి, Performanceలోనే పదునైన బొమ్మ కావాలా, మెత్తటి బొమ్మ కావాలా అని రెండుగా చీల్చింది. అంటే రాజీలో కూడా రాజీ! అలాగే పేరుకు 60 అని రాసి రద్దీలో 45కో 50కో జారిపోయే మోడ్‌లూ ఉన్నాయి. నిలకడ లేని 50 కన్నా నిలకడైన 40 కంటికి హాయి. 2022 ఏప్రిల్ నుంచి ప్లేస్టేషన్‌లో వీఆర్ఆర్ వచ్చింది, దాంతో టీవీ తన వంతుల్ని ఆటకు తగ్గట్టు సర్దుకుంటుంది. టీవీలో ఆ సదుపాయం ఉంటే ఈ జారుడు చాలావరకు తెలియదు. బొమ్మల సంఖ్య 48 కంటే కిందికి పోతే మాత్రం ఆ ఊరట నమ్మకం లేనిది.

ఆట తయారుచేసేవాళ్లు తామే ఎంచి పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. 'గ్రాన్ టురిస్మో 7' 2022లో వచ్చినప్పుడు ప్లేస్టేషన్ 5లో రే ట్రేసింగ్‌ను గ్యారేజీలో, ఫొటోలు తీసుకునేచోట, రేసు అయ్యాక చూసే రీప్లేల్లో మాత్రమే ఉంచారు. స్టీరింగ్ మీ చేతిలో ఉన్నంతసేపూ 60 బొమ్మలే, కిరణాల్లేవు. కారు పెయింటు మీద మెరుపు చూసే తీరిక ఎప్పుడుంటుందో వాళ్లకు బాగా తెలుసు.

ఇంట్లో పోల్చి చూసుకోవాలంటే వరస ముఖ్యం. ముందు 60 ఆడి 30కి మారితే, మొదటి ఐదు నిమిషాలు ఆట తట్టుకుంటూ నడుస్తున్నట్టుంటుంది. కన్ను అలవాటు పడ్డాక అంత ఇబ్బంది ఉండదు. అందుకే ముందు Fidelityలో ఒక పావుగంట ఆడి, ఆ తర్వాతే Performanceకి మారి, అదే వీధిలో, అదే ఎత్తు నుంచి దూకి చూడండి. అక్కడా తేడా తెలియకపోతే టీవీలో గేమ్ మోడ్ ఆన్ అయిందో లేదో ఇంకోసారి చూసుకోండి. అదీ సరిగ్గానే ఉంటే మీకు ఏ మోడ్ అయినా ఒకటే, హాయిగా Fidelity పెట్టుకోవచ్చు.

ఎక్కువమంది ఎటు మొగ్గారో సోనీయే చెప్పింది. 2024 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో గురించి ప్రకటిస్తూ, ఆడేవాళ్లు నాలుగింట మూడొంతులు Performanceనే ఎంచుకుంటున్నారని కన్సోల్ రూపశిల్పి మార్క్ సర్నీ అన్నారు. ఆ ఎంపిక అవసరం తగ్గించడానికే ప్రో అన్నది ఆయన వాదన. తక్కువ రిజల్యూషన్‌లో గీసి, నేర్పిన ప్రోగ్రామ్‌తో పెద్దది చేసే పద్ధతి అందులో ఉంది. ఆ నవంబరులో అది విడుదలైంది కానీ, వైర్‌లెస్‌కు వాడే 6 గిగాహెర్ట్జ్ తరంగాలకు అప్పటికి ఇక్కడ అనుమతి లేక మన దేశానికి రాలేదు. దాని కోసం సవరించిన 'స్పైడర్‌మ్యాన్ 2'లో సెట్టింగులు తెరిస్తే Performance Pro, Fidelity Pro అని మళ్లీ రెండు మోడ్‌లు కనిపిస్తాయి.